ఐదు ఖాళీ వారాల లెక్క

మేడమ్, నాకు 29 ఏళ్ళు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఐదేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఒక పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. జనవరిలో ఒక డేటింగ్ యాప్‌లో చేరాను. ఉచితంగా రోజుకు 8 లైకులు పెట్టుకోవచ్చు. ఒక్కరోజు కూడా వదలకుండా 11 వారాల్లో 616 పెట్టాను. వాళ్ళూ తిరిగి లైక్ పెట్టడంతో వచ్చిన మ్యాచ్‌లు 9. అందులో ఐదుగురు నా మెసేజ్‌కి జవాబే ఇవ్వలేదు. ముగ్గురు రెండు మూడు రోజులు మాట్లాడి ఆపేశారు. ఒకామెను ఇందిరానగర్‌లో కాఫీకి కలిశాను. గంటన్నర బాగానే మాట్లాడుకున్నాం. తర్వాత ఆమె మెసేజ్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇవన్నీ ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటున్నాను. ఐదు వారాలకు ఎదురుగా సున్నా ఉంది. మా రూమ్మేట్‌కి వారానికి నాలుగైదు వస్తాయి. డబ్బు కట్టి ప్రీమియం తీసుకోమంటాడు. ఇంటి దగ్గర అమ్మ సంబంధాలు చూస్తానంటోంది, కానీ ఇంతమందికి నచ్చనివాడిని ఎవరు చేసుకుంటారని భయం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా ముందు ఆ యాపే తెరుస్తున్నాను. 607 మంది వద్దన్నారంటే నాలో ఏదో లోపం ఉన్నట్టే కదా?

— ఒక పాఠకుడు, బెంగళూరు

మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది 607 దగ్గర. యాప్ ఆ అంకె మీకు చూపించలేదు. 616లోంచి 9 తీసేసి, మిగిలినదానికి ‘వద్దన్నారు’ అని పేరు పెట్టింది మీరే. మీరు టెస్టింగ్‌లో ఉన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. ఒక టెస్ట్ అసలు నడవలేదనుకోండి, దాన్ని రిపోర్టులో ‘ఫెయిల్’ అని రాస్తారా? మీ షీట్‌లో అదే జరిగింది.

మీరు ఒక లైక్ పెట్టాక అది ఎక్కడికి వెళుతుందో చూద్దాం. కొన్ని యాప్‌లలో అది ఆమెకు వచ్చిన లైకుల జాబితాలో చేరుతుంది. ఇంకొన్నింటిలో ఆమె వేలితో పక్కకు తోస్తూ పోయే ఫోటోల దొంతరలో మీది ఒకటవుతుంది. మన దేశంలో ఈ యాప్‌లలో మగవాళ్ళ సంఖ్య ఆడవాళ్ళకంటే బాగా ఎక్కువ. కాబట్టి రెండు పద్ధతుల్లోనూ జాబితా పెరిగే వేగం ఆమె చూసే వేగాన్ని మించిపోతుంది. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. ఒకమ్మాయికి రోజుకు 30 లైకులు వస్తున్నాయి, ఆమె ఆఫీసు నుంచి వచ్చి పడుకునే ముందు 10 చూస్తుంది. వారం తిరిగేసరికి చూడనివి 140 పోగుపడతాయి. ఆమె రెండు వారాలు పరీక్షల్లోనో ఊళ్ళోనో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ 140లో మీ లైక్ ఉంటే, మీ ముఖం ఆమె కంట పడనే లేదు. ఇంకా యాప్ తీసేసి ఖాతా మాత్రం మూయనివాళ్ళుంటారు, ఎవరో ఒకరితో మాట కుదిరి కొత్తవాళ్ళను చూడటం మానేసినవాళ్ళుంటారు, స్నేహితురాళ్ళు పట్టుబడితే సరదాకి పెట్టి మర్చిపోయినవాళ్ళుంటారు. వీళ్ళందరినీ మీరు ఆ 607లో వేసేశారు.

చూసి దాటేసినవాళ్ళూ ఉంటారు, లేరని నేను అనను. ఎంతమంది అన్నది మీకూ తెలియదు, నాకూ తెలియదు, యాప్ చెప్పదు. కానీ వాళ్ళు దాటేసింది ఒక ఫోటోను, దాని కింద రెండు లైన్లను, అదీ కొన్ని సెకన్లలో. ఇది మీకు నా కంటే బాగా తెలియాలి. ఎందుకంటే 616 మందికి లైక్ పెట్టాలంటే మీరు ఇంకెంతోమందిని దాటి ఉంటారు. వాళ్ళకు మీ షీట్‌లో కాలమ్ ఉందా? ఉత్తరంలో అయితే లేదు. వాళ్ళను దాటేటప్పుడు ‘ఈమెలో ఏదో లోపం ఉంది, ఈమెను ఎవరూ చేసుకోరు’ అనుకున్నారా? అసలు ఏమీ అనుకుని ఉండరు. చెయ్యి అలా కదిలిపోయి ఉంటుంది. అవతలి చెయ్యీ అంతే.

ఇప్పుడు ఆ సున్నా వారాలు. మీ 616కి 9 అంటే నూటికి దాదాపు ఒకటిన్నర. మొత్తం 11 వారాలూ ఇదే శాతం నిలకడగా ఉందనుకుందాం. మీరూ మారలేదు, ఫోటోలూ మారలేదు. వారానికి మీరు పెట్టేది 56 లైకులు. ఒక్క లైక్ ఖాళీగా పోయే అవకాశం నూటికి తొంభై ఎనిమిదిన్నర కాబట్టి, 56కి 56 ఖాళీగా పోయే అవకాశం కావాలంటే 0.985ని 56 సార్లు గుణించాలి. కాలిక్యులేటర్‌లో చేసి చూడండి, సుమారు 0.43 వస్తుంది. అంటే ఏ వారమైనా సున్నాగా మిగిలే అవకాశం నూటికి నలభై మూడు. పదకొండు వారాల మీద చూస్తే నాలుగైదు వారాలు ఖాళీగా పోవాలి. మీకు పోయినవి ఐదు.

ఆ ఐదు వారాల్లో ప్రతిదానికీ మీరు ఒక కారణం వెతుక్కుని ఉంటారు. జుట్టు కత్తిరించుకున్నందుకనో, ఆ వారం ఫోటో మార్చినందుకనో, ఊరి పేరు రాసినందుకనో. లెక్క ప్రకారం ఏ కారణమూ అక్కర్లేదు. ఇంత చిన్న శాతంతో నడిచే ఏ విషయంలోనైనా ఊరికే ఇన్నేసి ఖాళీలు వస్తాయి. వరసగా రెండు వారాలు ఖాళీ అయినా కంగారు పడేంత వింత కాదు, మీరు ఏ రెండు వారాలు తీసుకున్నా అలా జరగడానికి అయిదింట ఒక వంతుకు కొంచెం తక్కువ అవకాశం ఉంటుంది.

ఆ ఒకటిన్నర శాతమే ఘోరం కదా అంటారేమో. 2016లో కొందరు పరిశోధకులు లండన్‌లో టిండర్ మీద పరీక్ష కోసం కొన్ని ఖాతాలు తెరిచి, కనిపించినవాళ్ళందరికీ లైక్ పెట్టి చూశారు. మగ ప్రొఫైళ్ళకు మ్యాచ్ అయింది నూటికి ఒకటి కూడా కాదు, 0.6. ఆడ ప్రొఫైళ్ళకు 10కి పైన. ఆ ఊరు వేరు, ఆ యాప్ వేరు, ఆ ఖాతాలు నిజమైన మనుషులవి కావు. కాబట్టి ‘నేను లండన్ వాళ్ళకంటే నయం’ అని మురిసిపోకండి. మగవాళ్ళ వైపు ఈ అంకె ఏ కొలతలో ఉంటుందో తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

మీ రూమ్మేట్ గురించి ఎక్కువ రాయను. అతను ఎంతమందికి పెడతాడో, డబ్బు ఎంత కడుతున్నాడో, ఖాళీ వారాల సంగతి చెబుతున్నాడో లేదో మీకు తెలియదు. అతనిది నిజంగానే ఎక్కువ కూడా కావచ్చు. ఎత్తు, ముఖం, కెమెరా ముందు చొరవ, ఇవి యాప్‌లో చెల్లుతాయి. అది అబద్ధం అని చెప్పి మిమ్మల్ని ఓదార్చను.

ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి. మా చిన్నాన్నకు సంబంధాలు చూసే రోజుల్లో ఫోటో, జాతకం కలిపి కవరులో పంపేవారు. కొన్నాళ్ళకు ఆ కవరు తిరిగొచ్చేది, వెంట ‘జాతకాలు కుదరలేదండీ’ అని ఒక మాట. అలా ఆరేడు కవర్లు తిరిగొచ్చాయి. అన్నిసార్లూ జాతకమే కుదరకపోవడం ఏమిటని మా నానమ్మకు అనుమానం రాకపోలేదు. కానీ ఎవరూ పైకి అనలేదు. ఆ మాట ఒక తెర. అబ్బాయి రంగు నచ్చలేదా, జీతం నచ్చలేదా, అమ్మాయి మనసులో ఇంకెవరైనా ఉన్నారా, ఏదైనా ఆ తెర వెనకే ఉండిపోయేది. నేరం నక్షత్రాల మీదకు పోయేది, చిన్నాన్న మాత్రం పూట మానకుండా అన్నం తినేవాడు.

యాప్‌లో ఆ తెర లేదు. కవరు తిరిగి రాదు, మాట రాదు, ఏమీ రాదు. ఏమీ రానిచోట మనిషి మనసు ఊరుకోదు, తానే కారణం రాసుకుంటుంది, రాసుకునేది ఎప్పుడూ తన మీదే. అమెరికాలో మార్క్ లియరీ అనే మానసిక శాస్త్రవేత్త 1990లలో ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఆత్మగౌరవం అనేది మన లోపల బండి పెట్రోల్ ముల్లులాంటిదట. చుట్టూ ఉన్నవాళ్ళు మనల్ని దగ్గరకు తీస్తున్నారా, దూరం పెడుతున్నారా అని చూస్తూ పైకీ కిందికీ కదులుతుంటుంది. ముల్లు పడిపోతే బాధ వేస్తుంది, ఏదో సరిచేసుకొమ్మని. ఊళ్ళో మనల్ని ఎరిగిన వందమంది మధ్య ఆ ముల్లు సరిగ్గానే చూపిస్తుంది. మీరు దాన్ని ముక్కూ మొహం తెలియని 616 మంది ఫోన్లకు తగిలించారు. అందులో చాలామంది ఫోన్ తెరిచి మిమ్మల్ని చూడనే లేదు. ముల్లు సున్నా దగ్గర పడి ఉండటం వింతేమీ కాదు, ట్యాంకు సంగతి దానికి తెలియదంతే.

మీ చేతిలో ఏముందో ఇప్పుడు చెబుతాను. టెస్టింగ్ చేసేవారికి సహజంగా ఒక ఆలోచన వస్తుంది. ఒక నెల ఈ ఫోటో, ఒక నెల ఆ ఫోటో పెట్టి ఏది బాగా పనిచేస్తుందో షీట్‌లో తేల్చుకుందామని. అది కుదరదు. శాతం ఇంత చిన్నది అయినప్పుడు ఒకటిన్నర శాతానికీ మూడు శాతానికీ మధ్య తేడాను నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో ఫోటోకి వెయ్యికి పైగా లైకులు కావాలి. రోజుకు 8 చొప్పున ఒక్కో ఫోటోకి నాలుగు నెలలు దాటిపోతుంది. నెలకు 240 మీద మీరు చూసే తేడా అంతా గాలివాటమే. అందుకే ఆ షీట్ మీకు ఏమీ నేర్పలేదు, కష్టం మాత్రం పెట్టింది.

లెక్క పనిచేయనిచోట మనుషుల కళ్ళు పనిచేస్తాయి. ఆఫీసులో మీకు చనువున్న అమ్మాయినో, వరసకు అక్కో చెల్లెలో అయ్యేవాళ్ళనో ఇద్దరిని అడగండి. ‘నేను బాగున్నానా’ అని అడిగితే బాగున్నావనే అంటారు. ‘ఈ ఫోటోల్లో నేను నీకు తెలిసిన నాలా ఉన్నానా, ఏది తీసేయాలి’ అని అడగండి. మీ ఫోటోలు నేను చూడలేదు గానీ, మన అబ్బాయిల ప్రొఫైళ్ళు కొన్ని చూసినదాన్ని కాబట్టి ఊహించగలను. మొదటి ఫోటోలో నల్ల కళ్ళద్దాలు. రెండోది ఎవరి పెళ్ళిలోనో తీసింది, పక్కవాళ్ళను కత్తిరించినా భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. మూడోది నంది హిల్స్‌లో వీపు. ఇలాంటి వాటి బదులు మొదటిది పగటి వెలుతురులో, కళ్ళు కనిపించేలా, మీరొక్కరే ఉన్నది ఉండాలి. ఒకటి నిలువెత్తుది కావాలి. మీరు నిజంగా చేసే పని ఏదో చేస్తున్నది ఇంకొకటి.

రాసే లైన్లలో ‘ట్రావెల్, ఫుడ్, మూవీస్’ అని ఉంటే అవతలివాళ్ళు దాని మీద ఏమని రాస్తారు? ‘మారతహళ్ళి చుట్టుపక్కల అల్లం పచ్చడి సరిగ్గా చేసే టిఫిన్ సెంటర్ కోసం ఐదేళ్ళుగా వెతుకుతున్నాను’ అని రాస్తే, ఒప్పుకోనివాళ్ళయినా మాట కలుపుతారు. భాషల దగ్గర తెలుగు అని పెట్టండి. దానివల్ల కొంతమంది తగ్గుతారు, ఆ మాట ముందే తెలుసుకోండి. మిగిలినవాళ్ళలో మీ మాట అందుకునేవాళ్ళు ఎక్కువ ఉంటారు.

రోజుకు 8 వదలకుండా వాడానన్నారు. యాప్ 8 ఇచ్చింది కదా అని 8 పెట్టడం రేషన్ సరుకు తెచ్చుకున్నట్టుంది. ఆమె రాసింది చదివి, దాని మీద ఒక వాక్యం రాయాలనిపించినప్పుడే పెట్టండి. ఆ రోజు రెండే కావచ్చు, సున్నా కావచ్చు. దీనివల్ల మ్యాచ్‌ల శాతం పెరగొచ్చు. మొత్తం మ్యాచ్‌లు మాత్రం పెరగకపోవచ్చు, తగ్గినా తగ్గొచ్చు. ఎదురు చూసే లైకుల సంఖ్య తగ్గడం మాత్రం ఖాయం. మీ తొమ్మిదిమందిలో ఐదుగురు జవాబు ఇవ్వలేదన్నారు చూడండి, అది వేరే సమస్య. వాళ్ళు మీ ఫోటో చూసి సరే అన్నవాళ్ళే. అంటే ముఖం దగ్గర ఆగలేదు, మొదటి మెసేజ్ దగ్గర ఆగింది. మీరేం రాశారో చెప్పలేదు. ‘హాయ్, హౌ ఆర్ యూ’ అయితే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ముందు ఏం చేయాలన్నది. యాప్‌లో ఉండాలనుకుంటే పైన చెప్పిన మార్పులతో ఉండండి, నోటిఫికేషన్లు ఆపేసి సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు చూసి మూసేయండి. దీనిలో చిక్కు ఏమిటంటే, ఎప్పుడో ఒకసారి మాత్రమే ఏదో వచ్చే చోటకు చెయ్యి మళ్ళీ మళ్ళీ పోతుంది. రోజూ వచ్చేదానికైతే అంతలా పోదు. రాత్రి రెండింటికి తెరుస్తున్నది దానివల్లే. ఫోన్‌ను మంచానికి అందని చోట ఛార్జింగ్ పెట్టకపోతే ఈ ఇరవై నిమిషాల నియమం మూడు రోజులు కూడా నిలవదు.

కొన్నాళ్ళు ఆపాలనుకుంటే ఖాతా తీసేయనక్కర్లేదు. చాలా యాప్‌లలో కొత్తవాళ్ళకు కనిపించకుండా నిలిపి ఉంచే ఏర్పాటు ఉంది, పాత మ్యాచ్‌లు అలాగే ఉంటాయి. ఖాతా తీసేస్తే అవీ పోతాయి. నెలరోజులు ఆపి నిద్ర ఎలా ఉందో చూసుకోండి. నన్ను అడిగితే మీ పరిస్థితిలో ముందు ఇదే చేస్తాను. అయితే ఆ నెల ఖాళీగా గదిలో కూర్చుంటే మనసు ఇంకా యాప్ చుట్టూనే తిరుగుతుంది. బ్యాడ్మింటనో, నాటకమో, వారానికి ఒకసారి అవే ముఖాలు కనిపించే చోటికి వెళ్ళండి. అక్కడ పెళ్ళికూతురు దొరుకుతుందని కాదు, మిమ్మల్ని నెల తర్వాత కూడా గుర్తుపట్టేవాళ్ళు ఉంటారని.

ప్రీమియం కడితే ఎక్కువ లైకులు పెట్టొచ్చు. అంటే ఇంకా ఎక్కువమంది జాబితాల్లో మీ పేరు చేరుతుంది. శాతం అదే ఉంటే 616కి 9 వచ్చినచోట 1,800కి 27 రావచ్చు, వాటితోపాటు మీ లెక్క ప్రకారం ‘వద్దన్నవాళ్ళు’ 1,773 మంది అవుతారు. 607కే నిద్ర పట్టనివారికి ఆ బేరం లాభమో నష్టమో మీరే చూసుకోండి. ఫోటోలు మార్చక ముందు మాత్రం కట్టకండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఇన్ని ఖాళీ వారాల తర్వాత ఒక అందమైన ముఖం తనంతట తానే వచ్చి, మూడో రోజుకే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మని, వారానికల్లా పెట్టుబడి గురించి మాట్లాడితే అది ప్రేమ కాదు. ఫలానా పబ్‌కే రావాలని పట్టుబట్టినా అనుమానించండి, బిల్లు వచ్చాక తెలుస్తుంది. ఆకలి మీద ఉన్నవాళ్ళనే వీళ్ళు వెతుక్కుంటారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైనకొద్దీ తిరిగి రావడం కష్టం.

అమ్మ చూసే సంబంధాలకూ యాప్‌కూ ముడి పెట్టకండి. అవి వేరే సంత. అక్కడ ఉద్యోగం, ఇల్లు, కులం, మేనరికాలు, ఎవరి ద్వారా వచ్చారు అన్నవి చూస్తారు. యాప్ వైఫల్యం అక్కడ ఎవరూ అడగరు. కానీ యాప్‌లో ఓడిపోయానన్న భయంతో ఒప్పుకుంటే, మొదట సరేనన్న అమ్మాయినే చేసుకునే ప్రమాదం ఉంది. ఆమెకు అది అన్యాయం. మీకు నిజంగా అటు మనసుంటేనే సరే అనండి, లేకపోతే ఆర్నెల్లు ఆగమని అమ్మకు చెప్పండి. కారణం యాప్ అని చెప్పాల్సిన పనిలేదు.

యాప్ ఆపాక కూడా రెండు మూడు వారాలు నిద్ర ఇలాగే ఉంటే, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ అది. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. మీరుండే బెంగళూరులోనే నిమ్‌హాన్స్ మానసిక ఆసుపత్రి కూడా ఉంది.

చివరగా ఆ కాఫీ. మీ 616లో మిమ్మల్ని నిజంగా చూసిన మనిషి ఆమె ఒక్కరే. గంటన్నర కూర్చున్నారు. తర్వాత ఆమె మెసేజ్ పెట్టలేదన్నారు, వెంటనే మీరూ పెట్టలేదన్నారు. అంటే ఆమె ఫోన్‌లో కూడా మెసేజ్ రాని ఒక పేరు ఉంది, అది మీది. ఆమెకు మీరు నచ్చలేదో, మీరు మౌనంగా ఉన్నారని ఆమె ఊరుకుందో తెలియదు. ఆమె మీకు నచ్చి ఉంటే రెండు లైన్లు పెట్టండి. ‘ఆ రోజు మాట్లాడటం బాగుంది. తర్వాత మెసేజ్ పెట్టకపోవడం నా తప్పు. ఈ శనివారం వీలైతే మళ్ళీ కలుద్దామా?’ ఇంతే. ఇంకేం కలపకండి, సంజాయిషీలు వద్దు. జవాబు రాకపోతే రెండోది పెట్టకండి, ఆ షీట్‌లోనూ రాయకండి.